ద్రవ్యోల్బణ లక్ష్యం: సున్నా ఎందుకు కాదు?

ధరలను స్థిరంగా ఉంచడం కేంద్ర బ్యాంకుల మొదటి పని. అలాంటప్పుడు ధరలు అసలు పెరగకూడదనే కదా అవి కోరుకోవాలి! కానీ అమెరికా, బ్రిటన్, జపాన్, యూరో ప్రాంతాల కేంద్ర బ్యాంకులు ఏటా 2 శాతం పెరుగుదలను లక్ష్యంగా పెట్టుకున్నాయి. భారత్ లక్ష్యం 4 శాతం. ఈ పద్ధతి న్యూజిలాండ్‌లో మొదలైంది. ఆ దేశ ఆర్థిక మంత్రి రోజర్ డగ్లస్ 1988 ఏప్రిల్‌లో ఒక టీవీ ఇంటర్వ్యూలో ద్రవ్యోల్బణాన్ని సున్నా నుంచి 1 శాతం మధ్యకు తేవాలన్నారు. 1990లో ప్రభుత్వానికీ రిజర్వు బ్యాంకుకూ కుదిరిన ఒప్పందంలో అది 0 నుంచి 2 శాతం అయింది. వస్తువుల నాణ్యత మెరుగుపడటాన్ని ధరల సూచీ సరిగా పట్టుకోలేదు కాబట్టి అది పెరుగుదలను కాస్త ఎక్కువ చేసి చూపిస్తుంది. ఆ మేరకు ఇచ్చిన సడలింపు ఇది. తర్వాత 1996లో పై హద్దు 3 శాతానికి, 2002లో కింది హద్దు 1 శాతానికి మారాయి. ఒక సిద్ధాంతం నుంచి లెక్కగట్టి తీసిన అంకె కాదని దీన్నిబట్టే తెలుస్తుంది. అంకె ముందు వచ్చింది, దానికి గట్టి కారణాలు తర్వాత కుదిరాయి. ఆ కారణాలు ప్రధానంగా రెండు. పైకి సులువుగా వెళ్లి, కిందికి దిగమంటే మొరాయించే ధరలు ఆర్థిక వ్యవస్థలో రెండున్నాయి. ఒకటి కూలి, రెండోది వడ్డీ.

కూలి సంగతి మీద అమెరికా ఫెడరల్ రిజర్వులో 1996 జులైలో నాలుగు గోడల మధ్య ఒక చర్చ జరిగింది. సమావేశాల పూర్తి పాఠాన్ని అయిదేళ్ల తర్వాత బయటపెట్టే ఆనవాయితీ ఉండబట్టి అది లోకానికి తెలిసింది. జనం తమ నిర్ణయాల్లో లెక్కలోకి తీసుకోనంత తక్కువగా ధరల మార్పు ఉండటమే స్థిరత్వమని ఛైర్మన్ అలన్ గ్రీన్‌స్పాన్ నిర్వచించారు. దానికొక అంకె చెప్పమని గవర్నర్ జానెట్ యెలెన్ అడిగారు. సరిగ్గా కొలిస్తే సున్నా అన్నారాయన. మన కొలతలు సరిగ్గా లేవు కనుక 2 శాతం అన్నారామె. ఆమె అసలు వాదన మాత్రం కొలతల గురించి కాదు. మందగించిన పరిశ్రమలో నిజ వేతనం తగ్గక తప్పదు. ధరలు పెరుగుతుంటే జీతం పెంచకుండా ఆపితే చాలు, ఆ తగ్గింపు దానంతటదే జరిగిపోతుంది. ధరలు కదలకుండా ఉంటే చేతికిచ్చే జీతంలోనే కోత పెట్టాలి. యజమానులు అందుకు వెనకాడతారు, దాని బదులు మనుషులను తీసేస్తారు. ధరలు పెంచే వీలు లేనప్పుడే సంస్థలు ఉత్పాదకత పెంచుకుంటాయన్న నమ్మకం గ్రీన్‌స్పాన్‌ది. చివరికి ముందు 2 శాతానికి చేరదాం, ఆపై సంగతి తర్వాత చూద్దామని అంతా సర్దుకున్నారు. ఈ మాట గది దాటకూడదని ఛైర్మన్ హెచ్చరించారు కూడా. ఫెడ్ ఆ అంకెను బహిరంగంగా ప్రకటించింది 2012 జనవరిలో.

జీతం కోయడానికి యజమానులు నిజంగా అంత జంకుతారా? ధరలు స్థిరంగా ఉన్నప్పుడు జీతం 7 శాతం తగ్గించడం, ధరలు 12 శాతం పెరిగినప్పుడు జీతం 5 శాతమే పెంచడం, లెక్కకు ఈ రెండూ దాదాపు ఒకటే. డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ 1986లో ప్రచురించిన సర్వేలో మొదటిది అన్యాయమన్నవారు 62 శాతం, రెండోది అన్యాయమన్నవారు 22 శాతమే. యేల్ ఆచార్యుడు ట్రూమన్ బ్యూలీ 1990ల ఆరంభపు మాంద్యంలో 300 మందికి పైగా యజమానులను, కార్మిక నాయకులను, ఇతరులను కలిసి మాట్లాడి రాసిన పుస్తకంలోనూ ఇదే తేలింది. కోత పెడితే ఉన్నవాళ్లందరి మనసూ విరుగుతుంది, పని పాడవుతుంది. తీసేసినవాళ్ల కోపం వాళ్లతోనే గేటు దాటుతుంది. ఇదంతా యూనియన్లున్న సంపన్న దేశాల వ్యవహారమని అనుకోనక్కర్లేదు. భారతీయ గ్రామాల్లో వ్యవసాయ కూలి రేట్లను సుప్రీత్ కౌర్ పరిశీలించారు. వానలు బాగా పడిన ఏడు కూలి పెరుగుతుంది. మరుసటి ఏడు వాన మామూలుకు వచ్చినా పెరిగిన కూలి దిగిరాదు, రైతులు పిలిచే కూలీల సంఖ్య తగ్గుతుంది. ధరలు బాగా పెరిగిన సంవత్సరాల్లో మాత్రం ఈ దెబ్బ అంతగా కనబడదు. రాతపూర్వక ఒప్పందమంటూ లేని పొలం పనిలోనే ఇలా ఉంది.

సున్నా ద్రవ్యోల్బణం పదేళ్లు నిలిస్తే కార్మికులూ అలవాటు పడతారన్నది దీనికి చెప్పే అభ్యంతరం. ఇది తీసిపారేయదగ్గది కాదు. జపాన్‌లో 1990ల చివర్లో బోనస్‌ల కోత రూపంలో చేతికందే జీతాలు నిజంగానే తగ్గాయి. కానీ స్విట్జర్లాండ్‌లో 1990ల్లో ద్రవ్యోల్బణం ఏళ్ల తరబడి అతి తక్కువగా ఉన్నా జీతాల మొండితనం పోలేదని ఎర్న్‌స్ట్ ఫెర్, లోరెంజ్ గోట్టే చూపారు. కాబట్టి అలవాటు పడటమనేది జీతాల్లో బోనస్ వాటా ఎంత, ఉద్యోగ భద్రత ఎంత అన్నదాన్ని బట్టి ఉంటుంది. అన్నిచోట్లా జరుగుతుందని దాని మీద విధానం నిలపలేం.

పైగా జపాన్‌లో జీతాలు దిగివచ్చినా కష్టం తీరలేదు. అక్కడ అడ్డుపడింది రెండో ధర, వడ్డీ. నోట్లకు వడ్డీ సున్నా. డిపాజిట్ మీద బ్యాంకు ఎదురు డబ్బు వసూలు చేయడం మొదలుపెడితే జనం నోట్లు తెచ్చి ఇంట్లో పెట్టుకుంటారు. నోట్లు దాచడానికీ భద్రతకూ ఖర్చవుతుంది కనుక వడ్డీ రేటు సున్నా కంటే కాస్త కిందికి వెళ్లగలదు. స్విట్జర్లాండ్ మైనస్ 0.75 దాకా, యూరోపియన్ కేంద్ర బ్యాంకు మైనస్ 0.5 దాకా వెళ్లాయి. అంతకు మించి పెద్దగా దిగలేదు. బ్యాంక్ ఆఫ్ జపాన్ 1999 ఫిబ్రవరిలో సున్నాకు చేరింది. వడ్డీ సున్నా దగ్గర ఆగిపోయాక ధరలు ఏటా 1 శాతం తగ్గుతుంటే అప్పు తీసుకున్నవాడి మీద పడే నిజ వడ్డీ 1 శాతం. ధరలు ఇంకా పడితే ఆ భారం ఇంకా పెరుగుతుంది. అంటే సడలించాల్సిన వేళ విధానం దానంతటదే బిగుసుకుంటుంది. 2007 నడిమిలో అమెరికాలో రేటు 5.25 శాతం, 2008 డిసెంబరుకు దాదాపు సున్నా. అయిదు పాయింట్లు తగ్గించినా అది చాలలేదు. మామూలు రోజుల్లో నిజ వడ్డీ 2 శాతం ఉండే దేశంలో ద్రవ్యోల్బణం సున్నా అయితే తగ్గించడానికి చేతిలో ఉండేది రెండు పాయింట్లే. ద్రవ్యోల్బణం 2 శాతమైతే నాలుగు ఉంటాయి. 1996 చర్చలో కూలి మాట ముందుండేది. 2008 తర్వాత ఈ వడ్డీ వాదనే ముందు వరసలోకి వచ్చింది.

అలాగైతే 4 శాతం ఇంకా మేలు కదా? అంతర్జాతీయ ద్రవ్య నిధి ముఖ్య ఆర్థికవేత్తగా ఉన్న ఒలివియే బ్లాంచార్డ్ 2010లో, సహచరులతో కలిసి, ఈ ప్రశ్నే లేవదీశారు. లెక్క ప్రకారం ఆయన మాట కాదనలేం. చిక్కల్లా జనం గమనింపులో ఉంది. 2 శాతాన్ని చాలామంది పట్టించుకోరు, అందుకే జీతం పెంచకపోవడం కోతలా అనిపించదు. ధరల వేగం పెరిగేకొద్దీ ఒప్పందాలన్నీ సూచీకి ముడిపడతాయి, అప్పుడీ సర్దుబాటు పనిచేయదు. మన ప్రభుత్వోద్యోగుల డీఏ ఇందుకు చక్కని ఉదాహరణ. ధరల సూచీ పెరిగితే డీఏ పెరుగుతుంది కనుక అక్కడ ద్రవ్యోల్బణం ఎంత ఉన్నా నిజ వేతనాన్ని పెద్దగా తగ్గించలేదు. డీఏ లేని రోజు కూలీ మీద, బ్యాంకుకు దూరంగా నోట్లలో పొదుపు చేసుకునేవారి మీద మాత్రం పూర్తి భారం పడుతుంది. సున్నా కోరేవారి వాదనల్లో నాకు అన్నిటికన్నా బలంగా తోచేది ఇదే. లక్ష్యం చిన్నదిగానే ఉండాలనడానికి అది చాలు, సున్నా కావాలనడానికి చాలదు.

భారత్ 4 శాతానికి మాత్రం దారి వేరు. ఉర్జిత్ పటేల్ కమిటీ 2014 జనవరిలో నివేదిక ఇచ్చేనాటికి అంతకుముందు కొన్నేళ్లుగా ద్రవ్యోల్బణం 10 శాతం దరిదాపుల్లో నడుస్తోంది. 2016లో చట్టం సవరించి 4 శాతం లక్ష్యాన్ని, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటును ఖాయం చేశారు. కరోనా కాలంలో కూడా రెపో రేటు 4 శాతం కంటే దిగలేదు కాబట్టి వడ్డీ అడుగు హద్దు ఇక్కడ అనుభవంలోకి రానే లేదు. 2012 ఆధార సంవత్సరపు వినియోగదారు సూచీలో ఆహార పానీయాల వాటా దాదాపు 46 శాతం. ఒక్క ఏడు వానలు సరిగా పడకపోతే టమాటా, ఉల్లి, పప్పుల ధరలు సూచీ మొత్తాన్ని లాక్కుపోతాయి. కింద 2, పైన 6 అని అంత వెడల్పు హద్దులు పెట్టుకోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే.