కో: ఆట మళ్లీ మొదటికి రాకుండా

1582 జూన్. క్యోటోలోని హొన్నోజీ గుడిలో ఓదా నొబునాగా బస చేశాడు. జపాన్‌ను ఒక్క గొడుగు కిందికి తెస్తున్న యోధుడాయన. ఆ రాత్రి ఆయన ఎదుట నిక్కాయి అనే బౌద్ధ సన్యాసి, కషియో రిగెన్ అనే మరో ఆటగాడు గో ఆడారట. ఆటలో మూడు కోలు పడి, ఎటూ తేలక ఆగిపోయిందట. తెల్లవారేసరికి సేనాని అకెచి మిత్సుహిదె తిరగబడి గుడిని చుట్టుముట్టాడు, నొబునాగా అక్కడే ప్రాణం తీసుకున్నాడు. మూడు కోలు పడితే అపశకునమన్న నమ్మకం అప్పుడు పుట్టిందంటారు. అయితే ఆనాటి ఆటగా చెప్పుకునే నమోదు 128 ఎత్తుల దగ్గర ఆగిపోతుంది, అందులో మూడు కోలు ఎక్కడా కనపడవు. నొబునాగా చావుకు తగ్గ శకునాన్ని ఎవరో తర్వాత తీరిగ్గా అతికించారనే నా అనుమానం. నిక్కాయి మాత్రం కల్పితం కాదు. హొనింబో సాన్సా అన్న పేరుతో జపాన్ గోలో అతి పెద్ద వంశానికి మూలపురుషుడైనది ఆయనే.

ఇంతకీ కో అంటే ఏమిటి? గో బోర్డు మీద అటు 19, ఇటు 19 గీతలుంటాయి. మన పులిజూదంలోలాగే గీతలు కలిసే చోట రాళ్లు పెడతారు, గడుల్లో కాదు. పెట్టిన రాయి కదలదు. దాని నాలుగు పక్కలా ఉన్న ఖాళీ చోట్లే దానికి ఊపిరి. అన్నీ మూసుకుపోతే రాయి చచ్చినట్టే, బోర్డు మీంచి తీసేస్తారు.

ఇప్పుడు పక్కపక్కనే ఉన్న రెండు చోట్లు తీసుకోండి. ఎడమచోటుకు మిగతా మూడు పక్కలా నల్లరాళ్లు, కుడిచోటుకు మిగతా మూడు పక్కలా తెల్లరాళ్లు. ఎడమచోట్లో ఒక తెల్లరాయి ఉంది, దానికి మిగిలిన ఒక్క ఊపిరీ కుడిచోటే. నలుపు అక్కడ రాయి పెడితే ఆ తెల్లరాయి చచ్చి ఎడమచోటు ఖాళీ అవుతుంది. కానీ అలా పెట్టిన నల్లరాయికీ ఇప్పుడు ఒక్కటే ఊపిరి, ఆ ఖాళీ అయిన చోటు. తెలుపు అక్కడ పెట్టి దాన్ని చంపితే బోర్డు రెండు ఎత్తుల కిందట ఎలా ఉందో అచ్చం అలాగే ఉంటుంది. మళ్లీ నలుపు, మళ్లీ తెలుపు. ఇద్దరిలో ఒకరికి విసుగు పుట్టాలే తప్ప దీనికి అంతు లేదు.

అందుకే పాతకాలం నుంచీ ఒక కట్టడి ఉంది: కోను ఎదుటివాడు తీసుకున్న మరుక్షణమే నువ్వు తిరిగి తీసుకోకూడదు, ముందు ఇంకెక్కడైనా ఒక ఎత్తు వేయాలి. చైనాలో సోంగ్ రాజుల కాలంలో రాసిన పదమూడు అధ్యాయాల గో గ్రంథంలో 32 ఆటపదాల పట్టిక ఉంది, కో అప్పటికే అందులో ఉంది.

ఆటను ముగించడానికి పెట్టిన ఈ చిన్న కట్టడి ఆటకు కొత్త యుద్ధాన్ని తెచ్చిపెట్టింది. ‘ఇంకెక్కడైనా’ వేసే ఎత్తు ఊరికే వేస్తే లాభం లేదు. ఎదుటివాడు దాన్ని పట్టించుకోకుండా కోను పూడ్చేసి ఊరుకుంటాడు. జవాబు చెప్పక తప్పని ఎత్తు కావాలి. అదే కో బెదిరింపు.

లెక్క వేసి చూద్దాం. ఒక మూల ఏడు తెల్లరాళ్ల ప్రాణం కో మీద ఆధారపడి ఉందనుకోండి. నలుపు గెలిస్తే ఏడు ఖైదీలు, అవి ఖాళీ చేసే ఏడు చోట్లు, చుట్టుపక్కల మరో నాలుగు: 18 పాయింట్లు. తెలుపు గెలిస్తే దాని గుంపు బతికి రెండు పాయింట్లు చేసుకుంటుంది. తేడా 20. నలుపు కోను తీసుకుంది. తెలుపు వేరే చోట 12 పాయింట్లు లాగేస్తానని బెదిరిస్తే నలుపు లెక్కచేయదు. కోను ముగించి 20 అందుకుని, ఆ 12 వదులుకుంటుంది. బెదిరింపు 25 పాయింట్లదైతే జవాబు చెప్పక తప్పదు, ఈలోగా తెలుపు వచ్చి కోను తిరిగి తీసుకుంటుంది. ఇప్పుడు బెదిరింపు వెతుక్కునే వంతు నలుపుది.

ఇద్దరి దగ్గరా ఆ స్థాయి బెదిరింపులు రెండేసి ఉంటే ఎవరు గెలుస్తారు? కోను మొదట తీసుకున్నది నలుపు కాబట్టి మొదట బెదిరించాల్సింది తెలుపు. తెలుపు ఒకటి, నలుపు ఒకటి, తెలుపు రెండోది, నలుపు రెండోది. నలుపు మళ్లీ కోను తీసుకునేసరికి తెలుపు సంచి ఖాళీ. కాబట్టి రెండోసారి తీసుకునేవాడికి ఒక బెదిరింపు ఎక్కువ ఉండాలి, అంటే ఇక్కడ తెలుపుకు మూడు. అప్పుడు కూడా నలుపు ఉత్తచేతులతో పోదు. చిన్నదైనా ఏదో ఒక బెదిరింపు వేస్తుంది, తెలుపు కోను ముగిస్తుంటే తను అక్కడ రెండో ఎత్తు కూడా వేసుకుంటుంది. కో ఓడి ఆట గెలవడం అలాగే జరుగుతుంది.

కొత్తగా ఆడేవాళ్ల ఇబ్బంది కో మొదలవడానికి చాలాముందే మొదలవుతుంది. ఎదుటి రాయికి ఒక్క ఊపిరి మిగిలేలా చేసే ఎత్తు కనపడితే చాలు, చేయి ఆగదు. ఎదుటివాడు జవాబు చెప్తాడు, చూడ్డానికి నష్టమేమీ లేదు. నలభై ఎత్తుల తర్వాత కో వచ్చినప్పుడు చూస్తే, బెదిరింపుగా పనికొచ్చే చోటు అదే, దాన్ని ఉత్తపుణ్యానికి వాడేశాం. ఇంకో రకం నష్టం మరీ నిశ్శబ్దంగా జరుగుతుంది. ఎదుటివాడి ఇలాకాలో చచ్చేదని తెలిసీ ఒక రాయి పెట్టి బెదిరిస్తాం, అతను జవాబు తన ఇలాకా బయట చెప్పాడనుకోండి, మన ఖాతాలోంచి ఒక పాయింటు పోయినట్టే. అలాంటివి నాలుగు వేసి కో గెలిస్తే గెలుపులో నాలుగు తరుగు.

ఒక్క కో ఉన్నంతవరకూ పాత కట్టడి చాలు. మూడు పడితే చాలదు. మొదటిది, మూడోది తెలుపు చేతిలో, రెండోది నలుపు చేతిలో ఉన్నాయనుకోండి. రెండు పెద్ద గుంపుల చావుబతుకులు వీటి మీదే ఉన్నాయి, తీసుకోని పక్షం చస్తుంది. నలుపు మొదటి కో తీసుకుంటుంది, తెలుపు రెండోది, నలుపు మూడోది. తెలుపు మొదటిదాన్ని తిరిగి తీసుకుంటుంది, నలుపు రెండోదాన్ని, తెలుపు మూడోదాన్ని. ఆరు ఎత్తులు అయ్యాయి, బోర్డు మొదటికి వచ్చింది. ఎవరూ నియమం తప్పలేదు. ప్రతి ఎత్తూ అప్పుడే తీసుకున్న కో మీద కాక, వేరే కో మీదే పడింది. బెదిరింపులతో పనే లేకుండా పోయింది.

దీనికి రెండు మందులు వచ్చాయి. జపాన్ 1949లో నియమాలను రాతలో పెట్టుకుని 1989లో సవరించింది. వాటి ప్రకారం బోర్డంతా ఒకే స్థితి తిరిగి వచ్చి, ఇద్దరూ ఒప్పుకుంటే ఆట ఫలితం లేకుండా ముగుస్తుంది. అమెరికా, న్యూజిలాండ్ సంఘాల దారి వేరు. బోర్డు మొత్తం ఒకసారి వచ్చిన స్థితికి మళ్లీ తెచ్చే ఎత్తు వేయకూడదు. సూపర్ కో అని పిలిచే ఈ నియమం కింద పై ఉదాహరణలో ఆరో ఎత్తు చెల్లదు. తెలుపు బయటికెళ్లి బెదిరింపు వెతుక్కోవాలి. మూడు కోలూ కలిసి మామూలు కో యుద్ధంగా మారిపోతాయి. ఆట ముగుస్తుందన్న హామీ కూడా దక్కుతుంది. 19 గీతల బోర్డు మీద సాధ్యమయ్యే స్థితుల సంఖ్యను జాన్ ట్రోంప్ 2016లో కచ్చితంగా లెక్కగట్టాడు, అది 171 అంకెల సంఖ్య. ఎంత పెద్దదైనా అంతున్న సంఖ్యే, తిరిగి రావడం నిషిద్ధమైతే ఎప్పటికైనా అయిపోవాల్సిందే.

తర్కానికి సూపర్ కో ముచ్చటగా ఉంటుంది. కానీ రాళ్లతో ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు గడిచిన ప్రతి స్థితినీ గుర్తుంచుకోవాలి. పైగా ఏ ఎత్తు దగ్గర చక్రం మొదలైందన్నదే గెలుపోటముల్ని తేల్చేస్తుంది, అది కాస్త యాదృచ్ఛికం. వృత్తి ఆటగాళ్లకు నచ్చనిది అదే. చైనా నియమాల్లో స్థితి తిరిగి రాకూడదని రాసి ఉన్నా, పోటీల్లో మూడు కోలు పడితే ఫలితం లేదనో, మళ్లీ ఆడమనో అనడమే ఆనవాయితీ.

2012 సామ్‌సంగ్ కప్‌లో చైనా ఆటగాడు గు లీ, కొరియా ఆటగాడు లీ సెడోల్ మధ్య ఏకంగా నాలుగు కోలు పడ్డాయి. ఇద్దరూ పట్టు విడవలేదు, ఫలితం లేదని ప్రకటించారు. అదే కప్ ఫైనల్లో ఆ ఇద్దరే మళ్లీ ఎదురయ్యారు. ఈసారి కోలు అడ్డుపడలేదు, లీ సెడోల్ 2-1తో గెలిచాడు.