రివర్స్ మార్ట్‌గేజ్: పత్రాల్లో పేరు లేని భార్య

అమెరికాలో తొలి రివర్స్ మార్ట్‌గేజ్‌ను 1961లో మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ఒక పొదుపు సంస్థ ఇచ్చింది. భర్త పోయిన ఒకావిడ సొంత ఇల్లు వదలకుండా బతికేందుకు చేసిన ఏర్పాటు అది. మామూలు గృహరుణంలో ఈఎంఐ కట్టేకొద్దీ అప్పు తరుగుతుంది. ఇందులో నెలనెలా కట్టేదేమీ లేదు. వడ్డీ అసలులో కలిసి అప్పు పెరుగుతూ పోతుంది. రుణం తీసుకున్నవారు మరణించినా, ఇల్లు అమ్మినా, అక్కడ కాపురం మానేసినా బాకీ అంతా ఒక్కసారే తీర్చాలి. ఇంటి పన్ను, బీమా కట్టకపోయినా అంతే.

1987 నాటి గృహనిర్మాణ చట్టం 62 ఏళ్లు నిండినవారికి ఈ రుణాన్ని ప్రభుత్వ బీమాతో అందుబాటులోకి తెచ్చింది. దంపతులను ఇల్లు ఖాళీ చేయించకూడదన్నది ఆ చట్టం ఉద్దేశం. గృహనిర్మాణ శాఖ నియమాలు మాత్రం సంతకం చేసినవారికే ఆ రక్షణ ఇచ్చాయి. వయసు ఎక్కువైతే రుణం ఎక్కువ వస్తుంది. అందుకే చాలా ఇళ్లలో చిన్నవయసు భార్య పేరును పత్రాల నుంచి తీయించారు.

ఆ నియమాల కింద ఏం జరిగేదో చూడండి. ఉదాహరణకు భర్తకు 70, భార్యకు 58. ఇంటి విలువ 3 లక్షల డాలర్లు. భర్త పేరిట లక్ష డాలర్లు తీసుకున్నారు. వడ్డీ, బీమా కలిపి ఏటా 6 శాతం. పన్నెండేళ్లకు భర్త పోయేసరికి బాకీ 2 లక్షలు దాటుతుంది. చేతిలో అంత సొమ్ము లేని భార్య ఇల్లు అమ్ముకోక తప్పదు.

ఇలా ఇల్లు పోయే స్థితికి వచ్చినవారు కోర్టుకెక్కారు. శాఖ నియమం చట్టానికి విరుద్ధమని 2013లో వాషింగ్టన్ ఫెడరల్ కోర్టు తేల్చింది. 2014 ఆగస్టు నుంచి కొత్త రుణాల్లో నియమం మారింది. రుణం తీసుకునేనాటికి పెళ్లయి, పత్రాల్లో జీవిత భాగస్వామిగా నమోదై, అదే ఇంట్లో ఉంటున్నవారు పన్ను, బీమా కడుతూ ఉండిపోవచ్చు. అయితే మిగిలిన రుణం నుంచి వారికి ఒక్క డాలరూ రాదు. పైగా రుణ పరిమితిని చిన్నవారి వయసును బట్టే లెక్కకడతారు కాబట్టి మొదట చేతికొచ్చేదీ తగ్గుతుంది.

కొత్త నియమం కింద మన ఉదాహరణలోని భార్య అదే ఇంట్లో మరో పన్నెండేళ్లు జీవిస్తే బాకీ 4 లక్షలు దాటుతుంది. ఇంటి విలువ 3 లక్షల దగ్గరే నిలిచిపోయిందనుకుంటే, పిల్లలు అప్పటి మదింపు విలువలో 95 శాతం, అంటే 2,85,000 డాలర్లు కట్టి ఇంటిని దక్కించుకోవచ్చు. వద్దనుకుంటే వదిలేయవచ్చు. మిగతా బాకీని ప్రభుత్వ బీమా భరిస్తుంది, వారి సొంత ఆస్తి జోలికి ఎవరూ రారు. నిర్ణయానికి మొదట ఆరు నెలలు, ఆపైన అనుమతితో రెండుసార్లు మూడేసి నెలలు గడువు దొరుకుతుంది.

ముందే ఇల్లు అమ్మి చిన్న ఇంటికి మారితే వడ్డీ పెరిగే బెడద ఉండదు, మిగిలిన సొమ్ము వారసులకూ చేరుతుంది. దంపతులు గత ఐదేళ్లలో రెండేళ్లు ఆ ఇంట్లో ఉండి ఉంటే 5 లక్షల డాలర్ల లాభం వరకు ఆదాయపు పన్ను లేదు. భాగస్వామి పోయాక రెండేళ్లలోపు అమ్మితేనే, అదీ మళ్లీ పెళ్లి చేసుకోకపోతేనే, ఒంటరిగా మిగిలినవారికి ఆ మొత్తం మినహాయింపు వర్తిస్తుంది. ఆ తర్వాత అది సగానికి తగ్గుతుంది.