చేంజ్ ఆర్డర్ నోటు

గుత్తకు ఒప్పుకున్న పనిలో లేనిదాన్ని యజమాని మధ్యలో అడిగినప్పుడు, ఆ అదనపు పని ఏమిటో, దాని ధర ఎంతో, గడువు ఎన్ని రోజులు పెరుగుతుందో రాసి, పని మొదలుపెట్టకముందే ఆయన సమ్మతి తీసుకునే చిన్న పత్రం. బిల్లు దీని తర్వాతే వెళుతుంది. బ్రిటిష్ ఒరవడి కాంట్రాక్టుల్లో దీన్ని వేరియేషన్ అంటారు. మన ప్రభుత్వ పనుల్లో డీవియేషన్, ఎక్స్‌ట్రా ఐటమ్ అన్న మాటలు వినిపిస్తాయి. ఇళ్లు కట్టేచోట మాత్రం ‘ఎక్స్‌ట్రా వర్క్’ అనే ఒక్క మాటతో సరిపెడతారు. తగాదాలు కూడా చాలావరకు ఆ ఒక్క మాట దగ్గరే మొదలవుతాయి.

నోటు రాయాలంటే మొదటి ఒప్పందంలో ఏముందో తేలాలి. ‘ఫ్లోరింగ్ చేసి ఇవ్వబడును’ అని మాత్రమే ఉంటే ఏది అదనమో ఎవరూ చెప్పలేరు. ‘హాలుకు చదరపు అడుగు 60 రూపాయల టైల్’ అని ఉంటే గీత ఎక్కడుందో తెలుస్తుంది.

ఉదాహరణకు హైదరాబాద్‌లో ఒక ఇల్లు 32,00,000 రూపాయలకు, పన్ను కాకుండా, కుదిరిందనుకుందాం. ప్లాస్టరింగ్ అయ్యాక యజమాని 300 చదరపు అడుగుల హాలులో టైల్ బదులు గ్రానైట్ కావాలన్నారు. ఆయన ఎంచుకున్న రాయి అడుగు 150 రూపాయలు. చాలామంది ఇక్కడే తప్పు చేసి, రాయి మొత్తం ధర 45,000 బిల్లులో వేస్తారు. వేయకుండా మిగిలిన టైల్ ధర గుత్తలో ఇప్పటికే ఉంది కదా, దాన్ని తగ్గించాలి. అడుగుకు తేడా 90 రూపాయలే, అంటే 27,000. పరిచే కూలి, పాలిష్ కలిపి టైల్ కంటే అడుగుకు 20 ఎక్కువైతే మరో 6,000. ఈ 33,000 మీద ఒప్పందంలో ముందే రాసుకున్న 10 శాతం కాంట్రాక్టరు వాటా 3,300. మొత్తం 36,300. సామానుతో కలిపి పని చేసే రిజిస్టర్డ్ కాంట్రాక్టరు అయితే 18 శాతం జీఎస్టీ 6,534 చేరి 42,834 అవుతుంది. నోటులో ఈ లెక్క విడివిడిగా కనబడాలి. దాని అడుగున పాలిష్ కోసం గడువు 4 రోజులు పెరుగుతుందనీ, పన్ను కాకుండా గుత్త మొత్తం 32,36,300కు మారిందనీ రాస్తారు. డబ్బు రాసి రోజులు మరిచిపోతే, గృహప్రవేశం ముహూర్తం తప్పినప్పుడు నింద కాంట్రాక్టరు మీదే పడుతుంది.

సమ్మతి ఎవరిదన్నది రెండో చిక్కు. డబ్బు ఇచ్చేది అమెరికాలో ఉన్న కొడుకు, సైటుకు వచ్చి రాయి ఎంచేది తండ్రి అయితే, ఎవరి సంతకం చెల్లుతుందో ఒప్పందంలోనే పేరుతో సహా రాసుకోవాలి. సంతకం కాగితం మీదే ఉండనక్కర్లేదు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ చట్టం 10ఏ సెక్షన్ చెబుతోంది. అయితే నాలుగు ఫొటోల కింద వచ్చిన ‘ఓకే’ దేనికో తేల్చడం కష్టం. ‘నోటు 3, గ్రానైట్, పన్నుతో 42,834, ఒప్పుకుంటున్నాను’ అని వాట్సాప్‌లో ఒక వాక్యం వస్తే ఆ సందేహం ఉండదు.

నోటు తేదీ, సమ్మతి తేదీ, పని మొదలైన తేదీ, ఇన్వాయిస్ తేదీ ఈ వరుసలోనే ఉండాలి. ఇన్వాయిస్‌లో అదనపు పనికి వేరే పంక్తి ఇచ్చి, పక్కన నోటు నంబరు వేస్తారు. అన్ని నోట్లూ ఒకే రోజు తేదీతో, అదీ చివరి బిల్లుకు ముందు రోజుతో కనిపిస్తే, అవి తర్వాత అల్లినవని అనుమానించవచ్చు.

పునాది తవ్వుతుంటే బండ తగిలిందనుకోండి, నోటు వచ్చేదాకా మనుషుల్ని కూర్చోబెట్టలేరు. అప్పుడు ఘనపు మీటరుకు రేటు మాత్రం ముందే ఒప్పించుకుని, గుంత పూడ్చకముందే ఇద్దరూ కలిసి కొలత తీసి, టేపు కనబడేలా ఫొటో ఉంచుకుంటారు. పరిమాణం తేలాక నోటు పూర్తవుతుంది. పూడ్చిన తర్వాత చెప్పే కొలతకు సాక్ష్యం ఉండదు.

నోటు లేకపోతే డబ్బు పూర్తిగా పోయినట్టేనా? 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ కొంత ఆదుకుంటుంది. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా, చట్టబద్ధంగా చేసిన పని ఫలాన్ని అవతలివారు అనుభవిస్తే పరిహారం ఇవ్వాలి. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికీ బీకే మండల్ సంస్థకీ నడిచిన కేసులో, అధికారుల మాట మీద, పద్ధతి ప్రకారం ఒప్పందం లేకుండా కట్టిన కట్టడాలకు సుప్రీంకోర్టు 1961లో ఈ సెక్షన్ కిందే పరిహారం సమర్థించింది. అయితే ఆ పనిని వద్దనే అవకాశం అవతలివారికి ఉండి ఉండాలని కూడా చెప్పింది. యజమానికి చెప్పకుండా కాంట్రాక్టరు తనంతట తాను వేసిన గ్రానైట్‌కు ఆ ఆసరా దొరకడం కష్టం. దొరికినా కోర్టు ఇప్పించేది సమంజసమైన విలువ, బిల్లులో కాంట్రాక్టరు వేసుకున్న రేటు కాదు.