అంపైర్ చేతి సైగలు: చూపు ఆననివారికి మాటల్లో చెప్పడం ఎలా?

చెపాక్‌లో గానీ, చిన్నస్వామిలో గానీ, కటక్ బారాబతిలో గానీ పై అంతస్తులో టికెట్ దొరికితే అంపైర్ అగ్గిపుల్లంత కనిపిస్తాడు. పురుషుల అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో పిచ్ మధ్య నుంచి బౌండరీ తాడుకే 59 నుంచి 82 మీటర్ల దూరం ఉంటుంది. మన కుర్చీ ఆ తాడుకు అవతల, ఇంకా పైన ఎక్కడో ఉంటుంది. కంట్లో శుక్లాలు ఉన్న తాతయ్యకైతే ఆ అగ్గిపుల్ల కూడా తెల్లటి మచ్చే. అందుకే ఆటకు వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ "ఏమన్నాడ్రా?" అని అడిగే పెద్దవారు ఒకరు, చెప్పే మనవడో మనవరాలో ఒకరు ఉంటారు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, చెప్పేవారు "చెయ్యెత్తాడు తాతయ్యా" అని ఊరుకుంటారు. చెయ్యెత్తితే అవుట్ కావచ్చు, బై కావచ్చు. ఒకదానికి వికెట్ పోతుంది, ఇంకొకదానికి పరుగు వస్తుంది. కాబట్టి సైగను మూడు ప్రశ్నలకు జవాబుగా చెప్పాలి. చేతులు ఎన్ని? ఎంత ఎత్తులో ఉన్నాయి? నిలకడగా ఉన్నాయా, కదులుతున్నాయా? వేళ్ళు కనిపించకపోయినా ఈ మూడూ దూరానికి తెలుస్తాయి. చూపు మసకగా ఉన్నవారు కూడా చాలాసార్లు వీటిని సొంతంగా పోల్చుకోగలరు.

తల పైన

రెండు చేతులూ తిన్నగా ఆకాశంలోకి లేస్తే సిక్సర్. కొండ మీద గోవిందా అని రెండు చేతులూ ఎత్తినట్టు ఉంటుంది. దీన్ని దేనితోనూ పొరబడే వీలు లేదు.

ఒక్క చేయి పైకి లేస్తేనే జాగ్రత్త పడాలి. అవుట్‌కు చూపుడువేలు ఒక్కటే లేస్తుంది. బడిలో పిల్లవాడు "సార్, నేను చెప్తా" అని వేలెత్తినట్టు. బైకి అరచేయి తెరిచి, బస్సును ఆపమన్నట్టు చెయ్యెత్తుతారు. బై అంటే బంతి బ్యాటుకూ, ఒంటికీ తగలకుండా కీపర్‌ను దాటిపోయినప్పుడు తీసిన పరుగు. వేలా, అరచేయా అన్నది దూరానికి తెలియదు. అందుకని అంతకు ముందు ఏం జరిగిందో చూడాలి. అవుట్ వేలికి ముందు సాధారణంగా ఫీల్డర్ల కేక ఉంటుంది, వేలు లేవగానే వాళ్ళంతా ఒకచోటికి పరుగెత్తుతారు. బైకి ముందు బ్యాటర్లు పరుగెత్తి ఉంటారు, లేదా బంతి తాడు దాటి ఉంటుంది. ఆ తర్వాతే అంపైర్ స్కోరర్లు కూర్చున్న వైపు తిరిగి చెయ్యెత్తుతాడు.

అవుట్ వేలు అందరిదీ ఒకేలా ఉండదు. న్యూజిలాండ్ అంపైర్ బిల్లీ బౌడెన్ కీళ్ళవాతం వల్ల వేలును కొక్కెంలా వంచి చూపేవాడు. ఫోర్‌కు బల్ల మీద రొట్టె పొడి తుడిచినట్టు చేయి ఊపేవాడు. కాబట్టి మ్యాచ్ మొదటి ఓవర్లలోనే ఆ రోజు అంపైర్ తీరు ఏమిటో గమనించి పక్కవారికి చెప్పేస్తే మంచిది.

తల మీద వేలు గిరగిరా తిరిగితే ఫ్రీ హిట్. విష్ణుచక్రం తిప్పినట్టు అంటే పెద్దలకు వెంటనే తెలుస్తుంది. నో బాల్ తర్వాత, పరిమిత ఓవర్ల ఆటలోనే ఇది వస్తుంది.

భుజం, ఛాతీ ఎత్తులో

రెండు చేతులూ భుజాల ఎత్తులో పక్కలకు చాచి నిలబడితే వైడ్. చేలో దిష్టిబొమ్మ నిలబడ్డట్టు. ఒక్క చేయే అలా చాస్తే నో బాల్. రైల్వే గేటు కర్ర దింపినట్టు అడ్డంగా, కదలకుండా ఉంటుంది.

ఫోర్‌కు కూడా ఒక్క చేయే, దాదాపు అదే ఎత్తులో. కానీ అది కదులుతుంది. గోడకు సున్నం కొట్టే చేయిలా అటూ ఇటూ ఊగి, చివరకు ఛాతీకి అడ్డంగా వచ్చి ఆగుతుంది. నిలకడగా ఉంటే నో బాల్, ఊగితే ఫోర్ అని గుర్తుపెట్టుకుంటే చాలు.

భుజాన్ని తాకే సైగలు అరుదు, కానీ తికమక పెడతాయి. అంపైర్ చేయి మడిచి, అదే వైపు భుజాన్ని వేళ్ళ కొసలతో తాకితే షార్ట్ రన్. జారుతున్న కండువాను అదే వైపు చేత్తో సర్దుకున్నట్టు. బ్యాటర్ క్రీజు గీత దాకా రాకుండానే వెనక్కి తిరిగాడని, ఆ పరుగు లెక్కలోకి రాదని అర్థం.

రెండు చేతులూ ఛాతీ మీదుగా దాటి ఎదురు భుజాలను పట్టుకుంటే, ఇంతకు ముందు చేసిన సైగ రద్దయినట్టు. మాఘమాసపు చలికి ముడుచుకున్న మనిషిలా ఉంటుంది. డీఆర్ఎస్‌లో నిర్ణయం తిరగబడినప్పుడు మైదానంలోని అంపైర్ ముందు ఇది చూపి, తర్వాత సరైన సైగ చేస్తాడు. పక్కవారికి "చలికి ముడుచుకున్నాడు, ఆగండి, ఇంకొకటి వస్తుంది" అని చెప్పాలి. ఇది వదిలేస్తే, అవుటైన ఆటగాడు మళ్ళీ ఎందుకు ఆడుతున్నాడో వారికి అర్థం కాదు.

అంపైర్ గాలిలో రెండు చేతులతో ఫొటో ఫ్రేము గీసినట్టు నలుచదరం గీస్తే, టీవీ అంపైర్‌ను అడిగాడన్నమాట. చేతులతో "టీ" అక్షరం చూపేది మాత్రం అంపైర్ కాదు, రివ్యూ కోరే ఆటగాడు.

నడుము నుంచి కిందికి

ఒక కాలు కొద్దిగా ఎత్తి, మోకాలిని చేత్తో తాకితే లెగ్ బై. కాలికి ముల్లు గుచ్చుకున్నవాడు మోకాలు తడుముకున్నట్టు. బంతి బ్యాటుకు కాకుండా ఒంటికి తగిలి వచ్చిన పరుగులు ఇవి. మోకాలు పైకి లేవడం వల్ల అంపైర్ ఆకారం ఒక పక్కకు వంగినట్టు కనిపిస్తుంది, మసక చూపుకు కూడా ఇది దొరుకుతుంది.

నడుము కింద రెండు మణికట్లూ కత్తెరలా ఒకదాని మీదుగా ఒకటి అటూ ఇటూ దాటితే డెడ్ బాల్. పెళ్ళి భోజనంలో విస్తరి మీద చేతులు అడ్డం పెట్టి "చాలు చాలు" అన్నట్టే. అక్కడితో ఆ బంతి ఆట ఆగిపోయింది.

ఎప్పుడు చేశాడన్నదీ ముఖ్యమే

నో బాల్, వైడ్, అవుట్, డెడ్ బాల్ సైగలను బంతి ఇంకా ఆటలో ఉండగానే చూపవచ్చు. నో బాల్, వైడ్‌లను అంపైర్ నోటితో కూడా పిలుస్తాడు, చిన్న మైదానంలో ఆ మాట వినిపిస్తుంది. మిగతావన్నీ, అంటే ఫోర్, సిక్సర్, బై, లెగ్ బై వంటివి, బంతి ఆట ముగిశాకే.

బంతి ఆట ముగిశాక అంపైర్ స్కోరర్ల వైపు తిరిగి నో బాల్, వైడ్, డెడ్ బాల్ సైగలను మళ్ళీ చేస్తాడు. ఒక్కో సైగకూ స్కోరర్ జవాబిచ్చేదాకా ఆగి, తర్వాతిది చేస్తాడు. దూరంగా ఉన్నవారికి ఇది వరం. మొదటిసారి తప్పిపోయినా రెండోసారి దొరుకుతుంది. అందుకే స్టాండ్‌లోకి రాగానే స్కోరర్లు ఎక్కడ కూర్చున్నారో చూసుకోవాలి.

ఒక మినహాయింపు ఉంది. ఇప్పుడు అంతర్జాతీయ మ్యాచ్‌ల్లోనూ, ఐపీఎల్‌లోనూ బౌలర్ కాలు గీత దాటిందో లేదో టీవీ అంపైర్ చూసి చెబుతాడు. కాబట్టి ఆ నో బాల్ సైగ బంతి ఆట ముగిశాక, కొంచెం ఆలస్యంగా రావచ్చు.

ఒక బంతిని చెప్పి చూద్దాం

మీ ఊరి లీగ్‌లో 20 ఓవర్ల మ్యాచ్ అనుకుందాం. టీవీ అంపైర్ లేడు. బౌలర్ గీత దాటి బంతి వేశాడు. బ్యాటర్ కొట్టబోతే బంతి బ్యాటుకు తగలక ప్యాడ్‌కు తగిలి, కీపర్‌కు అందకుండా వెనక తాడు దాటింది. తాతయ్యకు ఇలా చెప్పవచ్చు:

"గేటు కర్ర పడింది, నో బాల్ అని అరిచాడు. బంతి వెనక్కి పోయింది, తాడు దాటింది. ఇప్పుడు స్కోరర్ల వైపు తిరిగాడు. మళ్ళీ గేటు కర్ర. మోకాలు తాకాడు. సున్నం కొడుతున్నాడు. తల మీద చక్రం తిప్పాడు."

నాలుగు సైగలు, ఒకటే లెక్క. నో బాల్‌కు 1, లెగ్ బైలు 4, మొత్తం 5 పరుగులు. బ్యాటర్ ఖాతాలో సున్నా. ఓవర్‌లో ఆ బంతి లెక్కకు రాదు, తర్వాతది ఫ్రీ హిట్. మోకాలి సంగతి చెప్పకుండా వదిలేస్తే, ఆ నాలుగు పరుగులూ బ్యాటర్ కొట్టినవే అనుకుని తాతయ్య అతని స్కోరును తప్పుగా లెక్కపెడతారు.

సైగ లేకపోవడమూ కబురే

ఒకటి, రెండు, మూడు పరుగులకు సైగ లేదు. బ్యాటర్లు ఎన్నిసార్లు దాటారో మనమే లెక్కపెట్టి చెప్పాలి. నాటౌట్‌కు కూడా ప్రత్యేక సైగ లేదు, అంపైర్ "నాటౌట్" అని పలికి ఊరుకుంటాడు. కొందరు తల అడ్డంగా ఊపుతారు గానీ, అది దూరానికి తెలియదు. పెద్ద కేక తర్వాత అంపైర్ కదలకుండా నిలబడితే "చేతులు కిందే ఉన్నాయి" అని చెప్పండి. ఆ మాట వినకపోతే పక్కవారు ఇంకా వేలు కోసమే ఎదురుచూస్తూ ఉంటారు.

రనౌట్, స్టంపింగ్‌లకు మాత్రం చూడాల్సిన మనిషి మారతాడు. బ్యాటర్ వైపు వికెట్ పడితే, పక్కన దూరంగా నిలబడే స్క్వేర్ లెగ్ అంపైర్ వేలెత్తుతాడు, లేదా ఫ్రేము గీస్తాడు. అప్పుడు "పక్కన నిలబడ్డాయన వేలెత్తాడు" అని ముందు మనిషిని చెప్పి, తర్వాత సైగ చెప్పాలి.