తలుపు బాదడం ఆపిన రాత్రి

రాత్రి ఒంటిగంట. రాజీవ్ రహదారి మీద లారీల మోత తప్ప శామీర్‌పేట అంతా నిద్రలో ఉంది. ఆఫీసులో నేనూ, మా టీంలో కొత్తగా చేరిన అమ్మాయీ మేలుకుని ఉన్నాం. ఫోన్లో అవతల సర్వర్ చూసుకునే కుర్రాడు.

"అన్నా, మళ్ల పడ్డది. లేపిన నిమిషంలనే బిగుసుకుపోతున్నది. ఇది నాలుగోసారి."

"మెమరీ నిండిందా?"

"లేదన్నా. లేపంగనే వందకు పైన కనెక్షన్లు మీద పడుతున్నయ్. అన్నీ ఒక్క అడ్రస్ నుంచే. అది మీదే."

మాదే. ఊళ్లు, పేర్లు చెప్పను గానీ, మందులు దాచే 60 శీతల గదుల ఉష్ణోగ్రతల్ని ఆ సర్వీసుకు పంపడం మా పని. క్రాన్ నిమిషానికోసారి స్క్రిప్టును లేపుతుంది. అది గదుల రీడింగులను ఒక్కొక్కటిగా పంపుతుంది. జవాబు రాకపోతే 30 సెకన్లు చూసి మళ్లీ పంపుతుంది, ఒక్కో రీడింగుకు ఆరుసార్ల దాకా. సర్వీసు బాగున్నప్పుడు ఇదంతా కొన్ని సెకన్ల పని. అది కనెక్షన్ తీసుకుని జవాబివ్వకుండా ఉండిపోతే మాత్రం ఒక్క రీడింగుకే మూడు నిమిషాలు, 60 గదులకు మూడు గంటలు. క్రాన్ అప్పటిదాకా ఆగదు, నిమిషం కాగానే ఇంకో స్క్రిప్టును లేపుతుంది. సర్వీసు మొరాయించింది రాత్రి 11కి. ఒంటిగంటకు నేను `ps` కొట్టి చూస్తే 117 స్క్రిప్టులు వరసగా అదే తలుపు బాదుతున్నాయి.

ఇంకో సిగ్గు సంగతి. మా రిపోర్టులో ప్రతి నిమిషానికీ పచ్చరంగే. తప్పును పట్టుకుని మింగేసి, సున్నాతో ముగిసేలా స్క్రిప్టు రాసింది నేనే.

క్రాన్ లైను ఆపేసి, 117నీ చంపాను. ఐదోసారి లేపిన సర్వర్ ఇక పడలేదు.

ఇది చిన్న ఆఫీసుల జబ్బు మాత్రమే కాదు. 2015 సెప్టెంబర్ 20, ఆదివారం, అమెరికాలో తెల్లవారుజామున అమెజాన్ వారి డైనమోడీబీకి ఇదే పట్టుకుంది. నెట్‌వర్క్ కాసేపు తడబడింది. దాంతో చాలా స్టోరేజ్ సర్వర్లు ఒక్కసారిగా మెటాడేటా సర్వీసును తమ వివరాలు అడిగాయి. జవాబు గడువు దాటడంతో మళ్లీ మళ్లీ అడిగాయి. భారం ఎంతగా పెరిగిందంటే, ఆ సర్వీసుకు కొత్త సామర్థ్యం చేర్చమనే ఆదేశం కూడా లోపలికి పోలేదు. చివరికి ఇంజనీర్లు అడగడాన్నే నిలిపేశారు. ఆ తర్వాతే సామర్థ్యం చేర్చగలిగారు.

ఇంట్లో ఎంసీబీ పడిపోయినట్టే సాఫ్ట్‌వేర్లోనూ తనంతట తాను పడే బ్రేకర్ ఉండాలన్న పద్ధతిని జనంలోకి తెచ్చింది మైకేల్ నైగార్డ్ 2007లో రాసిన ‘రిలీజ్ ఇట్!’. మర్నాడు ఆ అమ్మాయి అలాంటిదే రాసింది: వరసగా ఐదు వైఫల్యాలైతే ఆగాలి. పరీక్షిస్తే ఆగలేదు. తర్వాతి నిమిషం స్క్రిప్టు మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టింది.

"లెక్క ఎక్కడ దాచావమ్మా?"

"వేరియబుల్‌లో అన్నా... అయ్యో, ప్రాసెస్ అయిపోంగనే అదీ పోతది కదా!"

నిత్యం నడిచే సర్వర్‌కు సరిపోయే బ్రేకర్, నిమిషానికోసారి పుట్టి చచ్చే స్క్రిప్టుకు సరిపోదు. లెక్కనూ, పడిపోయిన సమయాన్నీ డిస్కు మీద ఫైల్లో రాశాం. రెండు స్క్రిప్టులు ఒకేసారి నడవకుండా `flock` పెట్టాం.

ఎంసీబీని మనం చేత్తో ఎత్తాలి, దీనికి అక్కర్లేదు. 15 నిమిషాలయ్యాక ఒకే ఒక్క రీడింగును పంపి చూస్తుంది. అది పోతే బ్రేకర్ మూసుకుంటుంది, ఆగిన రీడింగులు కొద్దికొద్దిగా వెళ్తాయి. పోకపోతే ఇంకో 15 నిమిషాలు మౌనం. సర్వీసు బతికే ఉండి ‘డేటా తప్పు’ అని 400 తిప్పి పంపితే దాన్ని వైఫల్యంగా లెక్కించం. లెక్కిస్తే ఒక్క పాడైన సెన్సర్ మిగతా 59 గదుల నోరు మూయిస్తుంది.

రిపోర్టు మీదే ఎక్కువసేపు వాదించుకున్నాం. పచ్చ అంటే అబద్ధం, ఎరుపు అంటే అర్ధరాత్రి అందర్నీ లేపడం. చివరికి మూడో మాట పెట్టాం:

```
PAUSED since=01:12 reason="timeout x5"
next_try=01:27 pending=900
```

ఈ స్థితిలో స్క్రిప్టు 75తో ముగుస్తుంది. యూనిక్స్ సంప్రదాయంలో దానర్థం తాత్కాలిక వైఫల్యం. విరామం 45 నిమిషాలు దాటితేనే ఫోన్ మోగుతుంది. గది వేడెక్కితే కూసే సైరన్‌కు ఈ బ్రేకర్‌తో సంబంధం లేదు, దాని తీగ వేరు.

కొన్ని వారాల తర్వాత ఒక పొద్దున రిపోర్టు తెరిచాను. తెల్లవారుజామున 3:05కి విరామం. 3:20కి ఒక ప్రయత్నం, పోలేదు. 3:35కి రెండోది పోయింది. పెండింగ్ 1,800 రీడింగులూ నాలుగింటికల్లా చేరాయి. సర్వర్ కుర్రాడికి ఫోన్ చేసి అడిగితే, "ఎప్పుడన్నా? నేను పండుకున్న గదా" అన్నాడు.