మర్యాద రామన్న తొలి తీర్పు: సాక్ష్యం, ప్రమాణం, ఒడంబడిక

తెలుగు జానపద కథల్లో న్యాయాధికారి అనగానే స్ఫురించే పేరు మర్యాద రామన్నది. అతడు చారిత్రక వ్యక్తి అనడానికి శాసనాధారం లేదు. కాని అతని తొలి తీర్పుగా ప్రచారంలో ఉన్న కథ మధ్యయుగ వ్యవహార ధర్మానికి ఎంత సన్నిహితమో పరిశీలించదగింది.

కథ ఇది. నలుగురు దొంగలు పేదరాశి పెద్దమ్మ వద్ద డబ్బున్న కుండ దాచి, నలుగురూ కలిసి వచ్చి అడిగితేనే ఇవ్వమన్నారు. ఒకనాడు వారు సమీపంలో కూర్చుండి మజ్జిగ కోసం ముంత తెమ్మని ఒకణ్ణి పంపారు. అతడు డబ్బు కుండ అడిగాడు. పెద్దమ్మ ఇమ్మంటారా అని కేకవేసి అడగగా, మిగిలిన ముగ్గురు ముంత అనుకొని ఇమ్మన్నారు. కుండతో అతడు పారిపోయాడు. ముగ్గురు తగవుకెక్కగా, సొమ్ము చెల్లించాలని పెద్దమ్మకు తొలుత తీర్పు వచ్చింది. ఆ తీర్పు తప్పన్న యువకుడు రామన్నకే రాజు తగవరితనం అప్పగించాడు. నలుగురినీ తెస్తే సొమ్ము ఇప్పిస్తానని రామన్న తీర్పు చెప్పాడు.

ఈ తగవులో సాక్ష్యానికి లోటు లేదు. ‘ఇమ్ము’ అన్న మాటను ఇరుగుపొరుగు వినే ఉంటారు. అయితే ఆ మాట నిజమే అయినా, ఏ వస్తువును గురించి అన్నారో సాక్షులు చెప్పలేరు. శబ్దానికి వారు సాక్షులు, ఉద్దేశానికి కారు. యాజ్ఞవల్క్య స్మృతి సాక్షులు కనీసం ముగ్గురుండాలంటుంది. ముగ్గురున్నా ఇక్కడ సందేహం తీరదు.

ఇక ప్రమాణం. లిఖితం, భుక్తి, సాక్షి అనే మానుష ప్రమాణాలు లేనప్పుడే దివ్యం పెట్టాలని ఆ స్మృతి నియమం. దానికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను పదమూడవ శతాబ్దిలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెనిగించడంతో ఈ వ్యవహార ధర్మం తెలుగులోకి వచ్చింది. పెద్దమ్మ చేత ప్రమాణం చేయించినా తేలేది ఆమె నిజాయితీయే. ఆమె నిజాయితీ ఎవరికీ సందేహం కాదు. బాధ్యత ఆమెదా కాదా అన్నదే ప్రశ్న.

తొలి తీర్పు ఎందుకు వచ్చిందో ప్రతివాది ఉత్తరాన్ని బట్టి తెలుస్తుంది. మితాక్షర ఉత్తరాన్ని నాలుగు విధాలుగా విభజిస్తుంది: ఒప్పుకోలు, నిరాకరణ, ప్రత్యవస్కందనం, పూర్వన్యాయం. ‘సొమ్ము పుచ్చుకున్నాను, కాని మీ అనుమతితోనే ఇచ్చాను’ అనడం ప్రత్యవస్కందనం. అప్పుడు నిరూపణ భారం ప్రతివాదిపై పడుతుంది. పెద్దమ్మ అనుమతిని ఆశ్రయించినంతకాలం ఓడక తప్పదు, ఎందుకంటే ఆ అనుమతి ముంతకేనని వాదులు అంటారు.

రామన్న చేసినది ఈ ఉత్తరాన్నే మార్చడం. ఇచ్చాను అన్న మాట విడిచి, ‘మీ సొమ్ము నా వద్ద ఉంచినది నిజమే, షరతు నెరవేర్చి పుచ్చుకొనండి’ అన్న స్థితికి ఆమెను తెచ్చాడు. ఇది ఒప్పుకోలు. వాదులు కూడా ఆ షరతును కాదనలేరు, దానిని పెట్టినది వారే. ఉభయులూ అంగీకరించిన దానికి సాక్షి అక్కరలేదు, ప్రమాణమూ అక్కరలేదు.

నిక్షేప ధర్మం దీనికి తోడ్పడుతుంది. దాచిన సొమ్మును రాజో, దైవమో, దొంగలో హరిస్తే దాచుకున్నవారు చెల్లించనక్కరలేదని, అడిగినా ఇవ్వక ఆ తరువాత పోగొడితే సొమ్మూ దండమూ చెల్లించాలని యాజ్ఞవల్క్యుడు అంటాడు. కనుక అడగడం సక్రమమా కాదా అన్నది కీలకం. ముగ్గురు అడగడం ఒడంబడిక ప్రకారం అడగడమే కాదు. ఈ తీర్పుకు ఒక పరిమితి కూడా ఉంది. నలుగురూ ఒకటిగా వస్తే పెద్దమ్మ ఎక్కడి నుండి ఇస్తుంది? అయితే నాలుగవవాడు వస్తే సొమ్ముతో పారిపోయినవాడు పట్టుబడినట్లే. కనుక తీర్పు బాధ్యతను రద్దు చేయదు, అసలు దోషి వైపు మళ్లిస్తుంది.

ఈ యుక్తి తెలుగువారిదే కాదు. రోమన్ రచయిత వలేరియస్ మాక్సిమస్ ఇటువంటి కథనే డెమోస్తనీస్‌కు ఆపాదించాడు. అందులో ఇద్దరు అతిథులు, ఒక దాసి. ఒకడు రెండవవాడు చనిపోయాడని మోసగించి సొమ్ము తీసుకుపోతాడు. రెండవవాడు వచ్చి అడిగితే సహచరుణ్ణి వెంటతెమ్మని డెమోస్తనీస్ వాదిస్తాడు. అక్కడ ఇది న్యాయవాది చాతుర్యం, ఇక్కడ తగవరి తీర్పు. తెలుగు కథ ఈ యుక్తిని పక్షం నుండి పీఠానికి తరలించింది.

ఆ పీఠానికి దక్కిన బిరుదు మర్యాద. సంస్కృతంలో ఆ పదానికి తొలి అర్థం హద్దు. రామన్న మర్యాద సభ్యత కాదు, ఒడంబడిక గీసిన హద్దును దాటనివ్వకపోవడం. 1967లో పద్మనాభం నిర్మించిన ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ ఈ న్యాయాధికారిని వెండితెరకు తెచ్చింది. 2010లో హైదరాబాదు చిత్రపరిశ్రమ నుండి వచ్చిన రాజమౌళి ‘మర్యాద రామన్న’లో తగవరి లేడు, సాక్షులూ లేరు. గడప లోపలున్నంతసేపు అతిథిని చంపరాదన్న నియమమొక్కటే ఉంది. కథ వేరైనా, పదం తన తొలి అర్థాన్ని విడవలేదు.