కై-వర్గం

గ్రీకు అక్షరం ‘కై’ని వర్గం చేస్తే కై-వర్గం. 1900లో కార్ల్ పియర్సన్ తన వ్యాసంలో లెక్కకూ అంచనాకూ మధ్య తేడాల కొలతకు χ² అని గుర్తు పెట్టాడు. ఆ గుర్తే పరీక్షకు పేరైంది.

ఆ వ్యాసంలో ఆయన పరీక్షించిన వాటిలో జంతుశాస్త్రవేత్త వెల్డన్ పాచికల లెక్క ఒకటి. 12 పాచికలను 26,306 సార్లు వేసిన లెక్క అది. అంటే మొత్తం 3,15,672 ఫలితాలు. పాచిక నికార్సైనదైతే 5 గానీ 6 గానీ పడటం మూడింట ఒక వంతు, అంటే 1,05,224 సార్లు జరగాలి. నిజానికి 1,06,602 సార్లు పడ్డాయి. తేడా 1,378.

ఈ తేడాను వర్గం చేసి అంచనా సంఖ్యతో భాగిస్తే 18.05 వస్తుంది. మిగిలిన ముఖాల వైపు తేడా అంతే, అంచనా 2,10,448 కనుక 9.02 వస్తుంది. మొత్తం 27.07. రెండు గుంపుల్లో ఒకదాని లెక్క తెలిస్తే రెండోది తేలిపోతుంది కాబట్టి స్వేచ్ఛాంకం ఒకటే. దానికి 5 శాతం స్థాయిలో హద్దు 3.84. ఆ హద్దు ఎంతో దాటింది కనుక పాచికలు నికార్సైనవన్న ఊహను వదులుకోవాల్సిందే.

అయితే మొగ్గు చిన్నదే: 33.33 శాతానికి బదులు 33.77. ఇన్ని వేల సార్లు వేయబట్టే అది బయటపడింది. అరవై సార్లు వేసి ఉంటే ఇంత చిన్న తేడా ఈ పరీక్షకు చిక్కేది కాదు.